మూడు పేర్లకు రెండు పేజీల మెయిల్ ఎందుకు?

వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకావిడ ఆరేళ్ళుగా ఇంట్లోనే కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, ఆవకాయ, గోంగూర చేసి అమ్ముతున్నారు. ఇన్నాళ్ళూ వాటికి పేరంటూ లేదు. "సి బ్లాక్ ఆంటీ పొడులు" అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఈమధ్య ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళు సరుకు పెట్టుకుంటాం గానీ సీసా మీద బ్రాండ్ పేరు ఉండాలన్నారు. అలా ఆవిడ నా దగ్గరికి వచ్చారు. బెంగళూరులో చిన్న వ్యాపారాలకు పేర్లు వెతికి ఇవ్వడం నా పని. మూడు వారాల తర్వాత మూడు పేర్లతో మెయిల్ పంపాను. ఆవిడ చదివి ఫోన్ చేశారు. మొదటి మాటే, "మూడు పేర్లకి రెండు పేజీలెందుకండీ? వాట్సాప్‌లో పెడితే సరిపోయేదిగా!"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. పేరు వినగానే నచ్చాలి, నచ్చితే తీసుకోవాలి, ఇందులో వివరించడానికి ఏముందని వాళ్ళ అనుమానం. ఆ రెండు పేజీల్లో ఏముంటుందో, ఎందుకుంటుందో ఈ మెయిల్‌నే విప్పి చూపిస్తాను. క్లయింట్ వివరాలు మార్చాను. పేర్లు కూడా అసలువి కావు, అదే స్వభావం ఉన్న వేరే మాటలు పెట్టాను. కాబట్టి వీటిని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతికి నాతో తగువుకు రావద్దు.

## మెయిల్‌కి ముందే పోయిన పేర్లు

ఆవిడ వస్తూనే రెండు పేర్లు తెచ్చుకున్నారు. ఒకటి 'ఆంధ్ర రుచులు', రెండోది 'అమ్మ చేతి పొడులు'. రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. చిక్కల్లా, అవి సరుకు పేర్లే తప్ప సరుకు అమ్మేవాళ్ళ పేర్లు కావు.

1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. సరుకు ఏ రకం, ఎంత నాణ్యం, ఎందుకు పనికొస్తుంది, ఏ ఊరిది అన్న విషయాలు మాత్రమే చెప్పే మాటలను ఒక్కరి సొంతం చేయరు. కారణం తేలికే. ఆంధ్ర పొడి అమ్మే ప్రతివాళ్ళకీ 'ఆంధ్ర' అన్న మాట కావాలి. దాన్ని ఒకరికి రాసిచ్చేస్తే మిగతావాళ్ళు ఏమని చెప్పుకుంటారు? అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది. అలాంటి పేరునే ఏళ్ళ తరబడి వాడి, ఆ మాట వింటే జనానికి ఫలానా వాళ్ళ సరుకే గుర్తొస్తుందని రుజువు చేయగలిగితే రిజిస్ట్రేషన్ దొరకొచ్చు. ఇప్పుడే లేబుల్ కొట్టించుకుంటున్నవాళ్ళ దగ్గర ఆ రుజువు ఉండదు.

దీనికి ఎదురువాదన ఉంది, అందులో నిజమూ ఉంది. అలమారా ముందు నిలబడ్డ మనిషి 'ఆంధ్ర రుచులు' అన్న సీసా చూస్తే అందులో ఏముందో ఎవరూ చెప్పక్కర్లేదు. అర్థం కాని కొత్త పేరు పెట్టుకుంటే ఆ పని ప్రకటనలు చెయ్యాలి, దానికి డబ్బు కావాలి. చిన్న వ్యాపారి అటే మొగ్గడం తెలివితక్కువతనం కాదు. నేను చెప్పే మధ్యేమార్గం ఏంటంటే, పైన సొంత పేరు పెట్టి, దాని కిందే చిన్న అక్షరాల్లో 'ఆంధ్ర పొడులు, పచ్చళ్ళు' అని రాయడం. పేరు కాపాడుకోవడానికి, కింది వరస సరుకు అమ్ముకోవడానికి.

నా మొదటి జాబితాలో 140 పేర్లు ఉన్నాయి. చాలావరకు కాగితం మీదే పోయాయి. 'రోటి' అన్న పేరు నాకు భలే నచ్చింది, రోటి పచ్చడిలోని రోటి. ఇంగ్లీషు అక్షరాల్లో రాయగానే అది `Roti` అయి చపాతీల పక్కకు చేరింది. 'పోపు' కూడా అంతే, `Popu` అని టైప్ చేసి చూసుకుంటే ఇంగ్లీషు చదువుల పిల్లలు ఎందుకు నవ్వుతారో తెలిసిపోతుంది. 'కమ్మ'తో మొదలయ్యే పేర్లన్నీ కొట్టేశాను. కమ్మదనం మన ఉద్దేశమే అయినా, జనం చదివేది కులం.

## ఇదీ ఆ మెయిల్

కొంచెం కుదించి ఇస్తున్నాను.

> నమస్తే మేడమ్,
>
> ముందుగా మనం అనుకున్న మాటలు గుర్తుచేస్తాను. పేరు వింటే తెలుగువాళ్ళ ఇల్లు గుర్తుకురావాలి. తెలుగు రానివాళ్ళకు నోరు తిరగాలి. రేపు మీరు వడియాలు, అప్పడాలు మొదలుపెట్టినా ఆ పేరే సరిపోవాలి. కింది మూడు పేర్లనూ ఈ మూడు కొలతలతో చూడండి. నచ్చిందా లేదా అన్నది ఆ తర్వాత.
>
> తొలి ముద్ద. విస్తరి ముందు కూర్చుంటే మొదటి ముద్ద పొడీ నెయ్యీ కలుపుకుని తింటాం. మీ సరుకు భోజనంలో ఎక్కడ వస్తుందో ఈ పేరు అదే చెబుతుంది, కానీ పొడి అన్న మాట ఎత్తదు. సీసా మీద 'తొలి ముద్ద కందిపొడి' అని ఉంటుంది. బలహీనత: కన్నడవాళ్ళకు 'ముద్దె' అంటే రాగి సంగటి. రాగిపిండి అమ్ముతున్నారనుకోవచ్చు. ఇంగ్లీషులో `Toli`, `Tholi` అని రెండు రకాలుగా రాస్తారు. కొన్ని ఇళ్ళలో మొదటి ముద్ద తీసి కాకికి పెడతారు, ఆ ఆలోచన వచ్చేవాళ్ళూ ఉంటారు.
>
> ఉట్టి. రెండే అక్షరాలు. అందకుండా ఎత్తులో దాచిపెట్టిన రుచి, దాని కోసం ఎగిరే పిల్లలు. లోగోకి బొమ్మ పేరులోనే ఉంది. బలహీనత: 'ఉట్టి' అంటే ఖాళీ అని కూడా అర్థం, 'ఉట్టి డబ్బా' అని ఎవరైనా జోకు వేస్తారు. పది మందికి ఫోన్‌లో చెప్పి రాయమన్నాను. తెలుగు రానివాళ్ళలో ఎక్కువమంది 'ఊటీ' అని రాశారు.
>
> జాడిక. జాడీ అన్న మాటకు తోక తగిలించి చేసిన కొత్త పేరు. జాడీ మనకూ కన్నడానికీ తమిళానికీ ఒకటే, ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. ఈ రూపంలో నిఘంటువులో లేని మాట కాబట్టి కాపాడుకోవడం మూడింటిలోకీ తేలిక. బలహీనత: మనసుకు తగలదు. చెవికి మందు పేరులా కూడా అనిపించొచ్చు. అలవాటు చేయడానికి మీరు ఎక్కువ ఖర్చు పెట్టాలి.
>
> మూడింటినీ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో, మీ సరుకు వచ్చే 29, 30 తరగతుల్లో వెతికాను. నాకు అడ్డొచ్చేవి కనబడలేదు. ఇది మొదటి వడపోత మాత్రమే. ఎంచుకున్న పేరును ట్రేడ్‌మార్క్ అటార్నీకి చూపించాకే లేబుళ్ళు అచ్చుకివ్వండి. నన్నడిగితే నేను 'ఉట్టి' వైపు మొగ్గుతాను. ఈ వారమంతా ఎవరినీ ఓట్లు అడక్కుండా, సీసా చేతిలో పట్టుకుని ఒక్కో పేరూ పైకి అనుకుంటూ చూడండి.

ప్రతి పేరు కిందా ఒకే వరస కనిపిస్తుంది. పేరు ఎక్కడ నుంచి వచ్చింది, సీసా మీద ఎలా ఉంటుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది. మూడోది రాయని నేమింగ్ మెయిల్ వస్తే నేనైతే అనుమానిస్తాను. ఇబ్బంది లేని పేరు ఉండదు. రాయలేదంటే వెతకలేదనో, దాచారనో అనుకోవాలి. పేరు తీసుకునేవాళ్ళు ఆ ఇబ్బందిని పదేళ్ళు మోయాలి కాబట్టి ముందే తెలియాలి.

## 'అడ్డొచ్చేవి లేవు' అన్న మాటకు ఎంత విలువ

మెయిల్‌లో అందరూ తప్పుగా అర్థం చేసుకునే వాక్యం ఇదే. "వెతికారుగా, ఖాళీగానే ఉందిగా" అని నేరుగా ప్రింటింగ్‌కి వెళ్ళిపోతారు.

వెతకడమంటే ఏం చేస్తామో చెబుతాను. ట్రేడ్‌మార్కుల్లో సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులుగా విడగొట్టారు. ఊరగాయలు 29లో వస్తాయి, మసాలాలూ కారాలూ పొడులూ 30లో వస్తాయి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. తరగతి అంకె ఇచ్చి, పేరు కొట్టి, ఆ పేరుతో మొదలయ్యేవి, ఆ పేరును కలుపుకున్నవి, ఆ పేరులా పలికేవి అని విడివిడిగా చూడాలి. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. అసలు ప్రమాదం మూడోదానిలో ఉంటుంది.

ఎందుకో ఒక పాత కేసు చెబుతుంది. 'అమృతధార' అన్న మందు చాలాకాలంగా అమ్ముతున్న సంస్థ, 'లక్ష్మణ్‌ధార' అన్న పేరుకు రిజిస్ట్రేషన్ ఇవ్వొద్దని అడ్డుపడింది. అమృతం వేరు, లక్ష్మణుడు వేరు, రెండింటికీ పోలికెక్కడ అన్నది అవతలివాళ్ళ వాదన. 1960ల మొదట్లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కొనేవాడు పేరును ముక్కలు చేసి వ్యుత్పత్తి చూడడు, మొత్తంగా విన్నది సగం సగం గుర్తుపెట్టుకుని అంగడికి వస్తాడు, ఆ మనిషికి రెండూ ఒకేలా వినబడతాయి అంది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. మొదటివాళ్ళు రెండోవాళ్ళ సంగతి తెలిసీ చాలాకాలం ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం వల్ల రెండో పేరుకు ఉత్తరప్రదేశ్ వరకే పరిమితమైన రిజిస్ట్రేషన్ మిగిలింది.

ఈ కొలతతో మన పేర్లను చూస్తే, 'జాడిక' కోసం వెతికేటప్పుడు `Jadika`, `Jaadika`, `Zadika` చూడాలి, జాడీతో మొదలయ్యే మిగతా తిండి పేర్లూ చూడాలి. 'తొలి ముద్ద'కు అర్థం కూడా వెతకాలి. మొదటి కబళం అన్న అర్థంలో ఇంగ్లీషులోనో హిందీలోనో ఇలాంటి సరుకు మీదే ఒక పేరుంటే ఆలోచించుకోవాలి.

ఫలితాల్లో ప్రతి పేరు పక్కనా దాని స్థితి ఉంటుంది. `Registered` అంటే అందరికీ తెలుసు. `Objected` అని కనబడగానే ఆ పేరు పోయిందనుకుంటారు. అలా కాదు. రిజిస్ట్రీ అభ్యంతరం చెప్పింది, దరఖాస్తు ఇంకా బతికే ఉంది అని అర్థం. `Abandoned` అంటే దరఖాస్తు వదిలేశారని. అయినా వాళ్ళు ఆ పేరుతో ఇప్పటికీ పచ్చళ్ళు అమ్ముతూ ఉండొచ్చు. మన దేశంలో ముందు నుంచి వాడుతున్నవాళ్ళకు, రిజిస్ట్రేషన్ లేకపోయినా, చట్టం రక్షణ ఇస్తుంది. కాబట్టి రిజిస్ట్రీతో ఆగకుండా ఇన్‌స్టాగ్రామ్, ఆన్‌లైన్ అంగళ్ళు, ఊళ్ళో పచ్చళ్ళ షాపుల అలమారాలు కూడా చూస్తాను. అలా చూసినా నేను చెప్పగలిగేది 'కనబడలేదు' అని మాత్రమే. ఎదురు పేరుతో పోలిక ప్రమాదకరమా కాదా అన్న తీర్పు చెప్పాల్సింది అటార్నీ. నేమింగ్ చేసేవాళ్ళు ఎవరైనా 'గ్యారంటీ' అన్న మాట వాడితే జాగ్రత్తపడండి.

## బెంగళూరులో పేరుకు నాలుగు నోళ్ళు

విజయవాడలో అయితే ఈ భాగం పెద్దగా అవసరం రాదు. ఇక్కడ ఒకే లిఫ్టులో కన్నడం, తమిళం, హిందీ, తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటారు. అందరూ ఆవిడ సీసా కొనేవాళ్ళే.

నేను చేసే పరీక్ష చాలా నాటుది. తెలుగు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెబుతాను. విన్నది ఇంగ్లీషులో టైప్ చేసి పంపమంటాను. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి నిన్న చెప్పిన పేరేంటని అడుగుతాను. 'ఉట్టి' ఊటీ అయింది ఈ పరీక్షలోనే. 'ట్ట'ను ఒత్తి పలకడం మనకు సహజం. వినేవాళ్ళకు ఆ ఒత్తు వినబడదు, ముందే తెలిసిన కొండ ఊరు గుర్తొస్తుంది. ఇది జోకుగా వదిలేసేది కాదు. ఎవరైనా ఫోన్‌లో వెతికితే టీ పొడి, చాక్లెట్ వస్తాయి, మన కందిపొడి రాదు.

'తొలి' అన్న మాట తమిళులకు స్నేహితురాలు అనే అర్థమున్న మాటకు దగ్గరగా వినబడింది, అది మనకు కలిసొచ్చేదే. హిందీవాళ్ళకు గుంపు అనిపించింది, అదీ నష్టం కాదు. 'ముద్ద' వినగానే కన్నడవాళ్ళు ముద్దె అన్నారు. ఇద్దరు మాత్రం నవ్వి 'ముద్దు' అన్నారు, కన్నడంలో కూడా ముద్దంటే ముద్దే. హిందీలో 'ముద్దా' అంటే చర్చించాల్సిన విషయం. కందిపొడి సీసా చూసి ఎవరూ పార్లమెంటును గుర్తుతెచ్చుకోరు గనక దాన్ని పట్టించుకోలేదు. వేరే భాషలో అర్థం ఉందా అన్నదొక్కటే ప్రశ్న కాదు, సరుకు చేతిలో ఉన్నప్పుడు ఆ అర్థం మనసులోకి వస్తుందా అన్నది చూడాలి. ముద్దె తిండే కాబట్టి వస్తుంది. ముద్దా రాదు.

లిపి సంగతీ చూడాలి. తమిళంలో త, ద లకు ఒకటే అక్షరం, క, గ లకు ఒకటే. 'జాడిక' తమిళంలో రాస్తే చదివేవాళ్ళు 'జాడిగ' అనొచ్చు. ఇక ఆవిడ రేపు కొట్టు పెట్టుకుంటే, 2024లో సవరించిన కర్ణాటక చట్టం ప్రకారం బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలి. అంటే పేరు అందరికీ పెద్దగా కనబడేది కన్నడ అక్షరాల్లోనే. అందుకే మెయిల్‌కి జత చేసిన కాగితంలో ఒక్కో పేరూ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకే సైజులో, రంగూ బొమ్మా లేకుండా పెట్టాను. లోగో వేసి చూపిస్తే మనిషి కన్ను లోగోని ఎంచుకుంటుంది, పేరును కాదు.

## మూడే ఎందుకు

ఇందులో మా పనివాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. ఒక్కటే పంపాలనేవాళ్ళు ఉన్నారు. డబ్బు తీసుకుంది తీర్పు చెప్పడానికి గానీ మెనూ ఇవ్వడానికి కాదు కదా అంటారు. పదిహేను పంపేవాళ్ళూ ఉన్నారు. క్లయింట్‌కి ఏం నచ్చుతుందో మనకేం తెలుసు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది అంటారు. ఒక్కటే పంపితే, అది అటార్నీ దగ్గర ఆగిపోయిన రోజు మళ్ళీ మొదటికి రావాలి. పదిహేను పంపితే అవతలివాళ్ళు ఏదీ తూచరు, కుటుంబం గ్రూపులో పడేస్తారు, ఎవరికీ అభ్యంతరం లేని చప్పటి పేరు గెలుస్తుంది.

నేను మూడు పంపేది అంకె మీద నమ్మకంతో కాదు. మూడూ మూడు దారులు కావాలి. ఈ మెయిల్‌లో ఒకటి భోజనం నుంచి వచ్చింది, ఒకటి ఇంట్లో వస్తువు నుంచి, ఒకటి కొత్తగా కట్టినది. మూడూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళలా ఉంటే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. నా మొగ్గు చెప్పాలా వద్దా అన్నది ఇంకో తగువు. చెబితే క్లయింట్ ప్రభావితమవుతారని కొందరంటారు. నేను చెబుతాను, చివర్లో చెబుతాను. ఈసారి చెప్పి దెబ్బతిన్నాను కూడా.

## ఉట్టిని అత్తగారు దించేశారు

వారం ఆగమని రాశాను. ఆవిడ మూడో రోజే ఫోన్ చేశారు. "మా అత్తయ్యగారు ఒక మాటన్నారండీ. ఉట్టి మీద పాలూ పెరుగూ వెన్నా పెడతారు గానీ ఆవకాయ జాడీ ఎవరు పెడతారమ్మా, బరువుకి తెగి నెత్తిన పడదూ అన్నారు."

నా దగ్గర జవాబు లేదు. ఖాళీ అన్న అర్థం చూశాను, ఊటీ చూశాను, రిజిస్ట్రీ చూశాను. ఊరగాయ జాడీ అటక మీదో గదిమూల పీట మీదో ఉంటుందన్నది నాకు తట్టలేదు. తెలుగు ఇల్లు గుర్తుకురావాలని మొదటి షరతు పెట్టుకుని, తెలుగు ఇల్లు తెలిసినవాళ్ళు మొదటి చూపులోనే పట్టే తప్పు చేశాను. ఫోన్‌లో పరీక్షించిన పది మందిలో అరవై దాటిన తెలుగువాళ్ళు ఒక్కరూ లేరు. ఇప్పుడు ఇద్దరుంటున్నారు.

మిగిలిన రెండింట్లో ఆవిడ 'తొలి ముద్ద' తీసుకున్నారు. జాడిక కాపాడుకోవడం తేలికైనా, దాన్ని జనానికి అలవాటు చేసేంత ఖర్చు తన వల్ల కాదన్నారు. అది సరైన లెక్కే. రాగి ముద్దె సమస్యకు పేరు కిందే కన్నడంలో 'ఆంధ్ర పుడి, ఉప్పినకాయి' అని ఒక వరస వేశాం. స్పెల్లింగ్ `Toli Mudda` అని ఖాయం చేసి, `Tholi` ఉన్న ఇన్‌స్టాగ్రామ్ పేరు కూడా తీసి పెట్టుకున్నాం.

అటార్నీ పేరును ఒప్పుకున్నారు. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రెండు తరగతులకు 9,000 అయింది, అటార్నీ ఫీజు వేరే. ఇకమీదట రిజిస్ట్రీ చేసే పరీక్ష, వాళ్ళ జర్నల్‌లో ప్రచురణ, అభ్యంతరం చెప్పడానికి బయటివాళ్ళకు నాలుగు నెలల గడువు. అన్నీ దాటితే రిజిస్ట్రేషన్ దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ళు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. అప్పటిదాకా సీసా మీద `TM` వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ ఉన్న `®` గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికి రాకముందు వేస్తే చట్టప్రకారం తప్పు. డిజైన్ చేసిన కుర్రాడు అందంగా ఉందని మొదటి లేబుల్ మీద అదే వేసేశాడు. అచ్చుకి వెళ్ళేలోపు చూసుకుని మార్పించాం.